మీటరు గారికి మజ్జిగ

(పాలకొల్లులో ఒక గ్రంథాలయ సభలో, కరెంటు బిల్లింగ్ విభాగంలో పని చేసి రిటైరైన ఉద్యోగి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. పైన ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. బిల్లు ఎవరు కడతారో నిర్వాహకులు ఇంకా తేల్చలేదట, కాబట్టి నేను కాస్త తొందరగానే ముగిస్తాను. (నవ్వులు)

ధరల మీద మన ఫోన్లలో తిరిగే మీమ్‌ల గురించి మాట్లాడమన్నారు. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాదు. సర్వీసంతా జనం బిల్లులు పట్టుకొచ్చి కౌంటరు ముందు నిలబడితే సమాధానం చెప్పినవాణ్ణి. అప్పట్లో తిట్లు నేరుగా వినేవాణ్ణి, ఇప్పుడు అవే వాట్సాప్‌లో బొమ్మలై వస్తున్నాయి. తేడా ఏమిటంటే, ఇప్పుడు నేనూ నవ్వుకోవచ్చు. అందుకని ఎక్కువసేపు కరెంటు బిల్లు దగ్గరే ఉంటాను. పెట్రోలు, కూరగాయలు దారిలో పలకరించి పోదాం.

మన గోదావరి జిల్లాల మీమ్‌కి ఒక పద్ధతుంది. కోపం ఎంత ఎక్కువైతే మర్యాద అంత పెరుగుతుంది. ఒకటి చూశాను. కరెంటు మీటరు ఫొటో, కింద ఇలా రాసుంది: “మీటరు గారూ, పొద్దుట్నుంచీ పరిగెడుతున్నారు, కాస్త కూర్చుని మజ్జిగ పుచ్చుకోండి.” ఇందులో ఒక్క తిట్టు లేదు. ధర పెరిగిందన్న మాట కూడా లేదు. ఆ “పుచ్చుకోండి”లోనే ఉంది మొత్తం. వేరే చోటివాళ్ళు చదివితే ఈయనెవరో మీటరును నిజంగానే గౌరవిస్తున్నాడనుకుంటారు. (నవ్వులు)

రెండో పద్ధతి గొప్పలు చెప్పుకోవడం. తుపాకి రాముడి వేషం చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉండుంటారు. చేతిలో కర్ర తుపాకీ, ఒంటి మీద చిరుగుల కోటు, నోట్లో మాత్రం కోటలు, ఏనుగులు. లేనివాడు ఉన్నట్టు కోతలు కోస్తాడు, ఆ కోతలోంచే లేమి కనపడుతుంది. “మాకూ ఏసీ ఉందండి, చుట్టాలొస్తే చూపిస్తాం” అన్న మీమ్ ఆ వేషం మనవడే. ఇక మీమ్ మీద ముఖం ఎవరిదంటే, పదింట్లో సగం బ్రహ్మానందం గారివే ఉంటాయి. సినిమాల్లోకి వెళ్ళకముందు ఆయన ఇక్కడికి దగ్గర్లోనే, అత్తిలిలో తెలుగు లెక్చరరు. ఆ ముఖం మీద మనకి కొంచెం హక్కుందని నా వాదన.

సరే, బిల్లు దగ్గరకొద్దాం. అందరికీ తెలిసిన మీమ్ నాన్న గారిది. ఇంట్లో ఎవరు ఏ గదిలోంచి బయటికొచ్చినా వెనకాలే వెళ్ళి స్విచ్ ఆపేస్తారు. “మన ఊళ్ళో కరెంటు పోలేదు, మా నాన్న గారు వచ్చారంతే.” బాగుంది. కానీ లెక్క వేద్దాం. ఇప్పుడు ఇళ్ళలో ఉన్నది ఎక్కువగా 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి 1.35 యూనిట్లు. నాన్న గారు నెలంతా గదిగదికీ తిరిగి ఆదా చేసేది, ఆ ఒక్క బల్బు మీద, పన్నెండు, పదమూడు రూపాయలకి మించదు. అదే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఉందనుకోండి. కంప్రెసరు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి గంటకి సుమారుగా ఒక యూనిట్ అనుకుందాం. రాత్రి 5 గంటలు వేస్తే నెలకి 150 యూనిట్లు. మన డెల్టాలో వేసవి రాత్రి ఉక్క మీకు తెలుసు. గాల్లో తేమ ఉంటే చెమట ఆరదు, ఫ్యాను గాలి తగిలినా చల్లబడం. కాబట్టి ఆ 5 గంటలు విలాసమని నేననను. నాన్న గారు మాత్రం బల్బు దగ్గర కాపలా కాస్తున్నారు, దొంగ పడగ్గదిలో చల్లగా నిద్రపోతున్నాడు. (నవ్వులు)

ఆ 150 యూనిట్లే అసలు మీమ్‌కి కారణం. ఒక ఇల్లు తీసుకుందాం. ఫిబ్రవరిలో 150 యూనిట్లు వాడారు. మే నెలలో ఏసీతో కలిపి 300 అయ్యాయి. వెంటనే ఫోన్లో మీమ్: “వాడకం డబుల్, బిల్లు త్రిబుల్, మిగతాది స్తంభం తాగిందా?” నిజంగానే త్రిబుల్ అవుతుంది. ఎలాగో చూడండి.

మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి వచ్చిన రేట్లివి. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1 రూపాయి 90 పైసలు. ఆ తర్వాత 75 వరకు 3 రూపాయలు. 125 వరకు నాలుగున్నర. 225 వరకు 6 రూపాయలు. 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9.75. మెట్లెక్కినట్టు పోతుంది, ఏ మెట్టు యూనిట్లకి ఆ మెట్టు రేటే.

150 యూనిట్లకి 57, 135, 225, 150 కలిపితే 567 రూపాయలు. 300 యూనిట్లకైతే చివరి 75 యూనిట్లే 656 రూపాయలవుతాయి, మొత్తం 1,673. స్థిర చార్జీలు, కస్టమర్ చార్జీలు, సుంకం ఇందులో కలపలేదు, అవి వేరు. చూశారా, మొదటి 150కి 567, రెండో 150కి 1,106. ఒకే ఇల్లు, ఒకే తీగ. మొదటి సగం సగటున యూనిట్ 3 రూపాయల 78 పైసలు, రెండో సగం 7 రూపాయల 37 పైసలు. స్తంభం ఏమీ తాగలేదండి. స్లాబు అనే మాట బిల్లు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, మొత్తం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అంతే.

కౌంటరు దగ్గర ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది శాంతించేవారు. ఒప్పుకునేవారని కాదు. “అయితే ఏసీ గదిలో అందరం కలిసి పడుకుంటాం” అని వెళ్ళేవారు.

ఇక రెండో రకం మీమ్. ఇది నాకు అన్నిట్లోకీ ఇష్టం. “ఈ నెల బిల్లు మాదేనండి. మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నాయన ఫ్యాను బిల్లూ మాదేనంట. ఆయన గారు ఎక్కడున్నారో, చల్లగా ఉండాలి.” (నవ్వులు, చప్పట్లు) ఇది రాసినవాడికి ఇంధన సర్దుబాటు అంటే ఏమిటో బాగా తెలుసు. మనకి కరెంటు పంపిణీ చేసే కంపెనీ, అంటే డిస్కం, ఏడాది మొదలవకముందే కరెంటు కొనడానికి ఇంత ఖర్చవుతుందని అంచనా ఇస్తుంది, నియంత్రణ మండలి దాన్ని చూసి రేటు ఖరారు చేస్తుంది. తర్వాత బొగ్గు ధర పెరుగుతుంది, ఎండలెక్కువై బయట మార్కెట్లో ఎక్కువకి కొనాల్సి వస్తుంది. అసలు ఖర్చు అంచనా దాటుతుంది. ఆ తేడాని తర్వాత వసూలు చేయడమే సర్దుబాటు, మన పేపర్లలో ట్రూ అప్ అని రాసేది. చిక్కంతా ఆ “తర్వాత”లో ఉంది. మండలి ఆమోదం వచ్చేసరికి ఏడాది, రెండేళ్ళు గడుస్తాయి. ఆ వెనకటి నెలలో ఆ మీటరు మీద ఎన్ని యూనిట్లు తిరిగాయో వాటి మీద లెక్క కట్టి, ఈ నెల బిల్లులో వేస్తారు. మీటరుకి ఇల్లు తెలుసు, మనుషులు తెలియదు. సొంతిల్లయితే మన పాత ఫ్యానుకి మనమే కడతాం. అద్దె ఇల్లయితే కొత్తగా దిగినవాడు పాతవాడి ఏసీకి కడతాడు. భీమవరంలో, రాజమండ్రిలో అద్దెకున్నవాళ్ళకి ఇది బాగా తగిలింది. ఇంటాయనకి చెబితే “మీరే కదా ఉంటున్నది” అంటాడు. వెళ్ళిపోయినాయనకి ఫోన్ చేస్తే నంబరు మారిపోయింది.

ఈ ఆలస్యం తగ్గించడానికే కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు మార్చింది. కొనుగోలు ఖర్చులో తేడాని ఎప్పటికప్పుడు నెలనెలా వేసుకోవచ్చని. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కి 40 పైసల దాకా అలా వేయడం మొదలైంది. దాంతో ఏమైందంటే, పాత సంవత్సరాల బకాయి సర్దుబాటు ఒక పక్క, కొత్త నెలనెలా సర్దుబాటు ఇంకో పక్క, ఒకే కాగితం మీదకొచ్చాయి. అప్పుడు వచ్చిన మీమ్‌లలో బిల్లు పొడుగు గురించే ఎక్కువ. ఒకాయన పెళ్ళి శుభలేఖ పక్కన కరెంటు బిల్లు పెట్టి, ఏది పొడుగో చెప్పుకోండి అన్నాడు.

ఇక్కడ నాకు మీమ్‌లతో ఒక పేచీ ఉంది. ఆ 40 పైసలు అందరికీ ఒకటే. 300 యూనిట్ల ఇంటికి 120 రూపాయలు. 1,673 మీద 120 అంటే నూటికి ఏడు. ఇప్పుడు నెలకి 30 యూనిట్లు వాడే ఇల్లు చూడండి. ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఫోన్ ఛార్జింగ్. కరెంటు చార్జి 57 రూపాయలు. 40 పైసల చొప్పున సర్దుబాటు 12 రూపాయలు. 57 మీద 12 అంటే నూటికి 21. స్లాబులు ఏమో ఎక్కువ వాడినవాడి దగ్గర ఎక్కువ తీసుకుంటాయి, ఈ 40 పైసలు ఆ మెట్లని చూడవు. బరువు కింద మెట్టు మీదే ఎక్కువ పడింది. కానీ 12 రూపాయల మీద మీమ్ ఎవరు చేస్తారండి? అంకె పెద్దదైతేనే నవ్వొస్తుంది. నాకు వచ్చిన మీమ్‌లలో 3,000 బిల్లులు, 8,000 బిల్లులే ఉన్నాయి, ఎక్కువగా ఏసీ ఉన్నవాళ్ళవే. అలాంటి చిన్న బిల్లు పట్టుకుని కౌంటరుకొచ్చి, “పోయిన్నెల ఇంత లేదు కదయ్యా” అని అడిగే పెద్దావిడ ఏ మీమ్‌లోనూ లేదు. ఆవిడకి ఆ ఫోనూ లేదనుకోండి.

ఇంకో సంగతి. 2025 నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసలు వెనక్కిచ్చారు, ట్రూ డౌన్ అన్నారు. 300 యూనిట్లకి 39 రూపాయలు. దాని మీద ఒక్క మీమ్ కూడా నాకు రాలేదు. పోనీ పొగడమని కాదు, కనీసం “మీటరు గారు మజ్జిగ డబ్బులు వెనక్కిచ్చారు” అనైనా అనొచ్చు కదా. (నవ్వులు)

పెట్రోలుది వేరే కథ. బంకు బోర్డు మీద ఒకే అంకె, ఎవరైనా చదవగలరు, అందుకే జోకూ ఒకే రకం. 2021లో లీటరు 100 దాటినప్పుడు సెంచరీ కొట్టినవాడిలా హెల్మెట్ తీసి బ్యాటు ఎత్తిన బొమ్మ దేశమంతా తిరిగింది. తర్వాత 2022 మే నెలలో సుంకం తగ్గించాక 2024 మార్చి దాకా ధర దాదాపు అక్కడే నిలబడింది. కదలని అంకె మీద ఎన్నిసార్లు నవ్వుతాం?

మనకి మాత్రం ఎక్కడా లేని ఒక సరుకుంది, అదే యానాం. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. యానాంలో పన్ను తక్కువ. లీటరుకి పది రూపాయల పైన తేడా. ఎదుర్లంక వంతెన దాటితే చాలు. “గౌతమి దాటితే పాపాలు పోతాయంటారు, మాకైతే పది రూపాయలు పోవడం ఆగుతుంది” అని ఒక కుర్రాడు రాశాడు. నేను ఆ జోకు విని లెక్కేశాను, పాత అలవాటు. అమలాపురం నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి 60. బండి లీటరుకి 50 ఇస్తే, 1.2 లీటర్లు దారికే పోతుంది, అంటే 115 రూపాయలకి అటూఇటూ. ట్యాంకులో 10 లీటర్లు పోయిస్తే మిగిలేది 100, 120. దారి ఖర్చు తీసేస్తే ఉన్నది యానాంలో టీ ఖర్చులకి చాలదు. అసలు టీ కోసం వెళ్ళారో కాదో నేనడగను. (నవ్వులు) మురమళ్ళవాళ్ళకీ, ఎదుర్లంకవాళ్ళకీ గిట్టుబాటే. అటువైపు పనుండి వెళ్ళేవాళ్ళకీ గిట్టుబాటే. మిగతావాళ్ళు జోకు కోసం పెట్రోలు కాల్చుకుంటున్నారు.

పైగా మన కాళ్ళ కిందే గ్యాసు, చమురు. తాటిపాకలో ఓఎన్జీసీ చిన్న రిఫైనరీ కూడా ఉంది. “బావి మా పెరట్లో, బిల్లు మా ఇంట్లో” అని కోనసీమవాళ్ళు అంటుంటారు. ఇందులో నవ్వు కొంచెమే. 1995లో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలింది, నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. ఆ ఊరివాళ్ళ ముందు గ్యాసు మీమ్ పంపేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

కూరగాయల్లో కూడా ఇలాంటి చోటొకటుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దగ్గరకెళ్ళింది. టమాటాను బీరువాలో పెట్టారు, బంగారం కొట్టు తూకంలో పెట్టారు, కట్నంలో ఇచ్చారు. మన ఆడవాళ్ళు మాత్రం చింతపండు పప్పు, గోంగూర పప్పు చేసుకుని నిమ్మళంగా ఉన్నారు. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలి రైతులు రోడ్డు పక్కన పారబోశారు. పారబోసిన టమాటా మీద మీమ్ లేదు, ఎందుకంటే కొనేవాడికి అప్పుడు హాయి. మీమ్ ఎప్పుడూ కొనేవాడి నోరే. అమ్మేవాడు నవ్వాల్సిన రోజుల్లో మనం ఏడుస్తాం, అతను ఏడ్చే రోజుల్లో మనకి ఏమీ వినపడదు.

టమాటా మనకి దూరం. మన గోదావరి లంకల సంగతి చూడండి. వంగ, బెండ, దొండ, కాకర అన్నీ లంకల్లోంచే వస్తాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కుల పైన నీరొచ్చింది. లంకలు మునిగాయి. తోట కుళ్ళిపోయింది కాబట్టే సంతలో వంకాయ రేటు పెరుగుతుంది. “గుత్తి వంకాయ కూర చేసుకున్నాం, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళొస్తారేమో” అన్న మీమ్ పునరావాస కేంద్రంలో కూర్చున్న కౌలు రైతు ఫోన్‌కీ వస్తుంది. ఆ వంకాయ అతనిదే. రేటు పెరిగినప్పుడు అతని దగ్గర అమ్మడానికి కాయ లేదు, కౌలు మాత్రం కట్టాలి. అలాంటి ఒకాయన ఆ మీమ్ నాకే ఫార్వర్డ్ చేశాడు. కింద “నా పంటేనండి” అని రాశాడు. నేను తిరిగి ఏం రాయాలో తోచక ఫోన్ చేసి మాట్లాడాను.

మాస్టారు గారు చెయ్యెత్తారు, చెప్పండి.

(శ్రోతల్లోంచి: 2000లో చార్జీలు పెంచితే రోడ్డెక్కాం. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. ఇప్పుడు అందరూ నవ్వి ఊరుకుంటున్నారు. ఈ నవ్వు మనల్ని చల్లార్చడానికి కాదా?)

కాదని గట్టిగా చెప్పలేనండి. కానీ ఒకటి చూడండి. 2000లో పెంచింది రేటు. ఒక తేదీ ఉంది, ఒక ప్రకటన ఉంది, పెంచినవాళ్ళెవరో తెలుసు. సర్దుబాటుకి అలాంటి తేదీ లేదు. 40 పైసలు, 20 పైసలు, వెనకటి నెలల పేరుతో వస్తుంది. దేని మీద ఊరేగింపు తీస్తాం? జనం నవ్వి ఊరుకుంటున్నది చాలావరకు ఆ కాగితం అర్థంకాకే. సర్దుబాటు మీద మండలి అభ్యంతరాలు అడుగుతుంది, బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ మీమ్ చెల్లదు, మీ ఇంటి అంకెలు చెల్లుతాయి. అక్కడికి వెళ్ళేది ఎప్పుడూ వేళ్ళ మీద లెక్కపెట్టే మనుషులే.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు.

(శ్రోతల్లోంచి: పూరింటికి లక్షల్లో బిల్లు వచ్చిందని ఫొటోలు తిరుగుతాయి కదండీ. అవి నిజమా, కట్టుకథలా?)

రెండూ ఉంటాయమ్మా. ఫొటోలో మొత్తం చూడకండి, రీడింగు చూడండి. పాత రీడింగు, కొత్త రీడింగు, రెండింటి తేడా యూనిట్లు. ఆ తీసివేత కుదరకపోతే ఫొటో మార్చినదే. కుదిరిందీ, కానీ చిన్న ఇంట్లో ఒక నెలకి వేల యూనిట్లు తేలాయంటే, రీడింగు కొట్టేటప్పుడు అంకె తప్పు పడి ఉంటుంది, లేదా మీటరు చెడిపోయి ఉంటుంది. అలాంటి బిల్లు నిజంగానే వస్తుంది, సరిచేయక తప్పదు. మూడోది తాళం వేసిన ఇల్లు. రీడరు వచ్చినప్పుడు తలుపు వేసి ఉంటే సగటు వేసి పోతాడు, తర్వాత అసలు రీడింగు తీసినప్పుడు తేడా అంతా ఒకేసారి పడుతుంది. నాలుగోది బకాయిల వరస. అది కలిసి మొత్తం పెద్దదైతే, దాన్ని ఈ నెల వాడకంగా చూపించి మీమ్ చేసేస్తారు.

మీ సొంత బిల్లు మీద అనుమానమొస్తే ఇంకొకటి చూడండి, రెండు రీడింగుల తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో. ముప్పై రోజులకి బదులు ముప్పై ఆరైతే, చివరి యూనిట్లు పై మెట్టెక్కుతాయి. ఆ అదనపు రోజులకి స్లాబులు సర్దారో లేదో అడగండి. బిల్లు వచ్చిన రోజే మీటరు దగ్గరకెళ్ళి తెర మీద అంకెలు మారుతుంటే కేడబ్ల్యూహెచ్ అని వచ్చే అంకె ఫొటో తీసుకోండి. అది బిల్లులో కొత్త రీడింగు కంటే తక్కువగా ఉందంటే, జరగకూడనిది జరిగింది. వెంటనే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. బ్రహ్మానందం గారి ముఖం ఆ తర్వాత అతికించుకోవచ్చు, ఫొటో ఎలాగూ మీ దగ్గరే ఉంటుంది.